కారిడార్ చివర స్టూలు మీద కూర్చోబెట్టి నా కల విన్న అమ్మాయికి థాంక్స్

నిన్న రాత్రి ఆరు గంటలు ఆపకుండా పడుకున్నాను. నెలన్నరలో ఇదే మొదటిసారి. ఒళ్లింకా తేలికపడలేదు, కళ్లు మండుతున్నాయి. కానీ ఇప్పుడు రాయకపోతే ఇక రాయనేమోనని కూర్చున్నాను.

2025 మే 7 సాయంత్రం హైదరాబాద్‌లో మాక్ డ్రిల్ సైరన్లు మోగాయి. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో టీవీ ఆగలేదు. పదో తేదీన పాకిస్తాన్‌తో కాల్పుల విరమణ అన్నారు. నాకు మాత్రం ఆగలేదు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి ఒకటే కల. సైరన్ మోగుతుంది, ఎక్కడో తుపాకులు పేలుతుంటాయి, మా గేటు ముందు గుంపు అరుస్తుంటుంది. నేను తలుపు గడియ వేయబోతాను, అది రంధ్రంలోకి దిగదు. చెమటతో లేచి కూర్చునేదాన్ని. తెల్లవారుజాము కలలు నిజమవుతాయని అమ్మ చెప్పిన మాట ఒకటి, దానితో భయం రెట్టింపు.

ఆస్పత్రి పేరు చెప్పను. మూడు గంటలు లైన్లో నిలబడితే లోపల రెండు నిమిషాలు. "నిద్ర పట్టట్లేదా? ఇవి వాడండి" అని మాత్ర రాశారు. నాకు నిద్ర పట్టకపోవడం కాదు, నిద్రంటేనే భయం. ఆ మాట చెప్పేలోపు తర్వాతి నంబరు పిలిచారు. డాక్టర్‌ను అనడం లేదు, బయట ఇంకా వందమంది ఉన్నారు. అందుకే ఇంకా కోపం, ఇలాగే నడుస్తుందని అందరికీ తెలుసు.

బయట గోడకానుకుని ఏడుస్తుంటే ట్రైనింగ్‌లో ఉన్న సైకాలజీ అమ్మాయి వచ్చింది. నా పాతికేళ్ల కూతురి కంటే చిన్నదేమో. స్టూలు లాగి కూర్చోబెట్టి, మంచినీళ్ల బాటిల్ మూత తీసి చేతికిచ్చింది. ముందు రెండు ప్రశ్నలు అడిగింది: ఈ మధ్య బీపీ మాత్రలు మార్చారా (కొన్ని రకాలతో పీడకలలు పెరుగుతాయట), నిద్రలో కాళ్లూ చేతులూ విసిరి పక్కవాళ్లను కొడుతున్నారా. అలా కొడితే అది వేరే సమస్య, న్యూరాలజీకి వెళ్లాలంది. రెండూ కావన్నాను. అప్పుడు నెమ్మదిగా అడిగింది, "అక్కా, ఆ గుంపులో మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నాడు. ముందు వరుసలో మా అన్నయ్య, నీలం గళ్ల చొక్కాలో. నాన్న ఇంటి పంపకాలకు ఏప్రిల్లో పెద్దమనుషుల్లో కూర్చున్నప్పుడు వేసుకున్న చొక్కా. ఆ రోజు పదిమంది ఒక్కసారిగా నా మీద అరిచారు, నేనొక్క మాట తిరిగి అనలేకపోయాను. అది చెబుతూ ఆ పిల్ల ముందు వెక్కి వెక్కి ఏడ్చాను. తను వాచీ చూసుకోలేదు. నలభై నిమిషాలు కూర్చుంది.

సైరన్, తుపాకులు టీవీవి, గుంపు మాత్రం మీదే అంది. పగటి బొమ్మలు ఆ రాత్రే రావచ్చు, ఐదారు రోజులు ఆగి కూడా రావచ్చట. మనసులో ఎటూ తేలని గొడవ ఉంటే అది ఆ బొమ్మలనే తొడుక్కుని వస్తుందంది. కలలొచ్చే నిద్ర రాత్రి చివరి భాగంలో ఎక్కువ కాబట్టి నాలుగింటికి వస్తోంది, అంతే, జరగబోయేదానికి సూచన కాదంది. అమ్మ మాట ఆ క్షణంలో నన్ను వదిలింది.

తర్వాత పని అప్పగించింది. కల మొత్తం కాగితం మీద రాయాలి, నాకు నచ్చినట్టు మార్చాలి, మార్చిన కథను రోజూ పగలు పది, పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని సినిమాలా చూడాలి. పాతది మళ్లీ మళ్లీ తలుచుకోకూడదు. సైన్యం వచ్చి గుంపును తరిమినట్టు రాస్తానన్నాను. "మీ ఇష్టం అక్కా, కానీ అందులోనూ కాల్పులేగా, రోజూ అదే చూడాలి" అంది. చివరికి గడియ సంగతి వదిలేసి వాకిట్లో లైటు వేశాను, అరుగు మీద కుండ, గ్లాసు పెట్టాను, అన్నయ్యను పేరు పెట్టి పిలిచాను. మొదటి వారం ఏ మార్పూ లేదు, ఇంకా ఎక్కువైందనిపించింది. రెండో వారంలో తుపాకుల మోత దూరమైంది. ఇప్పుడు వారానికోసారి వస్తోంది, వచ్చినా కుండ కనిపిస్తోంది. అన్నయ్యతో గొడవ తీరలేదు. అది కలలో తీరేది కాదు.

కళ్లారా దాడి చూసినవాళ్లు, చచ్చిపోవాలనిపించేవాళ్లు ఇది ఒంటరిగా చేయొద్దని కూడా చెప్పింది. అలాంటివాళ్లకు మానసిక సాయానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది.

ఒక మాట టీవీవాళ్లకు. వార్తల వెనక సైరన్ మోత వేయొద్దని మే 10న కేంద్రమే చెప్పాల్సి వచ్చింది. అప్పటికే మూడు రాత్రులు మా హాల్లో అది మోగింది.

మా ఆయన, పిల్లలు సంగతి సరే, వాళ్లు లేనిదే నేను లేను.

అయ్యో, మర్చిపోయాను. నాలుగింటికి నా కేక విని పైనుంచి దిగొచ్చిన పోర్షన్ పిన్నిగారు, డబ్బులు తర్వాత ఇవ్వండన్న ఆటో బాబాయి, ఓపీ చీటీ పోతే మళ్లీ రాయించి తెచ్చిన ఆయమ్మ. ఆయమ్మ పేరు అడగలేదు. ఆ అమ్మాయి పేరూ అడగలేదు, మెడలో కార్డు తిరగబడి ఉంది. వచ్చే మంగళవారం మళ్లీ ఓపీ ఉంది, అడుగుతాను.