సాక్షుల మాటలు రాసుకునే పద్ధతి – కమిటీ సభ్యులకు

అందరికీ నమస్కారం. నిన్న అనంతపురం ఆఫీసులో రాసిన నోట్స్ చూశాను, ఒక చోట ఇబ్బంది ఉంది. అటెండర్ అన్న మాట "సారు గదమాయించినాడు". మన కాగితంలో అది "బెదిరించారు" అయింది. గదమాయించడం అంటే గట్టిగా కసరడం, బెదిరింపు అయితే ఆరోపణే మారిపోతుంది కదా! కాబట్టి సాక్షి మాట సాక్షి యాసలోనే కోట్స్‌లో పెట్టి, "ఏమన్నారు, ఏం చేశారు?" అని అడిగి వచ్చిన జవాబు కింద రాయండి. నిన్న నేను అడిగితే "ఫైలు టేబుల్ మీద కొట్టి, బయటికి పో అన్నాడు" అని చెప్పాడు, మనకు కావాల్సింది అదే.

పేజీ పైన తేదీ, మొదలైన టైం, ముగిసిన టైం, గదిలో ఎవరెవరున్నారు. కింద మూడు గడులు:

ప్రశ్న | చెప్పిన మాట | ఎలా తెలుసు (చూశాడా, విన్నాడా, అనుకుంటున్నాడా)

"ఆయనెప్పుడూ ఇంతే" లాంటివి మూడో గడిలో "అభిప్రాయం" అని పడాలి. ఏడ్చింది, ఆగి చెప్పింది వంటివి బ్రాకెట్లో రాయండి, "అబద్ధమనిపించింది" మాత్రం వద్దు. చివర్లో చదివి వినిపించి సంతకం తీసుకోండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన పొట్టి సంతకం, వైట్‌నర్ ముట్టుకోవద్దు.