నా కొత్త నంబరుకు వేరొకరి ఖాతా తెరుచుకుంటోంది: ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ విభాగం అధికారి గారికి,

విషయం: నంబరు చేతులు మారినా పాత ఖాతా దానికే తెరుచుకోవడం గురించి.

అయ్యా/అమ్మా,

ఈమధ్య కొత్త సిమ్ తీసుకుని, ఆ నంబరుతో మీ షాపింగ్ యాప్‌లో ఖాతా తెరవబోయాను. నంబరు కొట్టాను, ఓటీపీ వచ్చింది, వేశాను. పేరు, ఈమెయిల్ అడుగుతుందనుకుంటే, "మళ్లీ స్వాగతం" అంటూ ఎవరో ఒకావిడ పేరుతో పలకరించింది. ఇదేమిటని ప్రొఫైల్ తెరిస్తే రెండు అడ్రసులు, ఒక కార్డు చివరి నాలుగు అంకెలు కనిపించాయి. ఒక అడ్రసు కింద డెలివరీ అబ్బాయి కోసం రాసిన మాట కూడా ఉంది: "బెల్ కొట్టొద్దు, పాప పడుకుని ఉంటుంది." ముక్కూమొహం తెలియని మనిషి ఇంటి సంగతి నాకెందుకు తెలియాలి?

మీ సపోర్ట్ చాట్‌లో చెబితే వచ్చిన జవాబు ఇంకా విచిత్రం. ఓటీపీ సరిపోయింది కాబట్టి ఖాతా నాదేనట, కావాలంటే ప్రొఫైల్‌లో పేరు మార్చుకోమన్నారు. అంటే ఆవిడ ఆర్డర్లు, కార్డు, వాలెట్‌లో మిగిలిన డబ్బు అన్నీ నా పేరు మీదికి మార్చుకోవడానికి మీరే అనుమతి ఇచ్చారు. కాదంటే ఖాతా డిలీట్ చేయమన్నారు. నాది కాని ఖాతాను నేనెలా డిలీట్ చేస్తాను?

ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. నంబరు వదిలేసినా, చాలాకాలం రీచార్జ్ చేయకపోయినా టెలికాం కంపెనీ దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఆ విరామం ఎంతన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో కనీసం 45 రోజులు. కానీ నంబరు చేతులు మారిందని ఏ యాప్‌కూ దానంతటది తెలియదు. ఇప్పుడు ఆవిడ తన ఖాతాలోకి వెళ్లాలన్నా ఓటీపీ నా ఫోన్‌కే వస్తుంది.

అసలు లోపం మీ లాగిన్‌లోనే ఉంది. ఆ సిమ్ ఈ క్షణంలో ఎవరి చేతిలో ఉందో మాత్రమే ఓటీపీ చెబుతుంది. ఖాతా తెరిచిన రోజు ఉన్న మనిషే ఇప్పుడూ ఉన్నారా అన్నది దానికి తెలియదు. మీరు కొత్త ఖాతాకూ పాత ఖాతాకూ ఒకే నంబరు పెట్టె పెట్టారు. అందుకే చేరదామని వచ్చినవాణ్ణి నేరుగా వేరొకరి ఇంట్లోకి తోశారు. నాలాంటివాడు కాబట్టి బయటికొచ్చి ఉత్తరం రాస్తున్నాడు. దురుద్దేశం ఉన్నవాడైతే ఇదే నంబరుతో ఆవిడ ఈమెయిల్‌కి "పాస్‌వర్డ్ మర్చిపోయాను" కొట్టి చూస్తాడు. అక్కడ కూడా రికవరీ నంబరు ఇదే అయి ఉండి, ఇంకే రుజువూ అడగకపోతే మెయిల్ చేతికొస్తుంది, దాని వెనకే మిగతావన్నీ.

ఇది ఎక్కడో ఒకటీ అరా జరిగే సంగతి కాదు. 2021లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు అమెరికాలో రెండు పెద్ద టెలికాం కంపెనీలు కొత్త కస్టమర్లకు ఇవ్వజూపుతున్న 259 నంబర్లను పరిశీలించారు. వాటిలో 171 నంబర్లకు పేరున్న వెబ్‌సైట్లలో పాత ఖాతాలు ముడిపడి ఉన్నాయి.

దీనికి మందు లేకపోలేదు. వాట్సాప్ చూడండి. ఖాతా 45 రోజులు వాడకుండా ఉండి, ఆ తర్వాత అదే నంబరు వేరే ఫోన్‌లో మొదలైతే, నంబరు చేతులు మారినట్టు భావించి పాత ప్రొఫైల్ ఫొటో లాంటివి తీసేస్తుంది. మీకు అంతకంటే ఎక్కువ ఆధారాలే ఉన్నాయి. ఆవిడ చివరిసారి ఎప్పుడు వచ్చారో, ఏ ఫోన్ నుంచి వచ్చారో మీ రికార్డుల్లోనే ఉంటుంది. నెలల తరబడి అలికిడి లేని ఖాతాలోకి కొత్త ఫోన్ నుంచి ఓటీపీ ఒక్కదానితో ఎవరైనా వస్తే, పాస్‌వర్డో పాత ఈమెయిల్‌కి పంపే కోడో అడగండి. అది చెప్పలేకపోతే పాత ఖాతాకు తాళం వేసి, నంబరును విడదీసి, వచ్చినవారికి ఖాళీ ఖాతా ఇవ్వండి. నిజమైన యజమానే మెయిల్ మర్చిపోయి వస్తే కొంత ఇబ్బంది పడతారు, నిజమే. కానీ అపరిచితుడి చేతికి కార్డు ఇవ్వడం కంటే అది నయం.

ఇప్పుడు మీరు చేయాల్సినవి: ఆ ఖాతా నుంచి నా నంబరు తీసేయండి. ఆవిడ ఈమెయిల్ మీ దగ్గరుంటే జరిగింది చెప్పండి. ఇది వ్యక్తిగత వివరాలు బయటపడిన ఘటన కాబట్టి, డేటా భద్రత చూసే మీ అధికారికి పంపి, ఫిర్యాదు నంబరు ఇవ్వండి. నేను లాగౌట్ అయ్యాను. ఆ ఖాతాలో ఏదీ మార్చలేదు, కొనలేదు.

జవాబు మాత్రం యాప్ చాట్‌లో పెట్టకండి. అది ఆవిడ ఖాతాలోకే వెళ్తుంది. ఈ లేఖ పంపిన ఈమెయిల్‌కే రాయండి.

ఇట్లు,
ఆ నంబరు ప్రస్తుత వాడుకదారు