టోపీల లెక్కకు మీ కీలో ఇచ్చిన 8/27 తప్పు: సవరణ కోరుతూ ఫిర్యాదు

కంటెంట్ విభాగం అధిపతి గారికి,

విషయం: సంభావ్యత మాక్ టెస్ట్‌లో తప్పు జవాబు, ఫార్ములా షీట్‌లో తప్పు గుర్తు, ఈ రెండింటిపై మీ సపోర్ట్ టీమ్ ఇచ్చిన సమాధానం గురించి.

అయ్యా/అమ్మా,

నేను జూనియర్ కాలేజీలో గణితం చెబుతాను. మా విద్యార్థుల్లో చాలామంది మీ యాప్‌కు డబ్బు కట్టి మాక్ టెస్టులు రాస్తున్నారు. మొన్నటి టెస్ట్‌లో ఒక ప్రశ్న వచ్చింది. రాము, సీను, గిరి తమ టోపీలను ఒకే పెట్టెలో వేశారు. వెళ్లేటప్పుడు చూడకుండా తలా ఒకటి తీసుకున్నారు. ఎవరికీ సొంత టోపీ రాకపోయే సంభావ్యత ఎంత? మీ కీలో జవాబు 8/27. సరైన జవాబు 1/3. అది ఆప్షన్లలో ఉంది, దాన్ని పెట్టిన పిల్లలకు నాలుగు మార్కులు పోవడమే కాక ఒక మార్కు మైనస్ కూడా పడింది.

సపోర్ట్‌కు రాస్తే "మా నిపుణులు సరిచూశారు, జవాబులో మార్పు లేదు" అని టికెట్ మూసేశారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఏ సూత్రమూ లేకుండా లెక్కపెడదాం. మూడు టోపీలను ముగ్గురికి పంచే విధానాలు ఆరే. రాము, సీను, గిరి వరుసలో ఎవరి టోపీలు వచ్చాయో రాస్తే ఇలా ఉంటుంది:

ర స గ, ర గ స, స ర గ, గ స ర, స గ ర, గ ర స.

మొదటి దానిలో ముగ్గురికీ సొంత టోపీలే వచ్చాయి. తర్వాతి మూడింటిలో ఒక్కొక్కరికే సొంతది వచ్చింది. చివరి రెండింటిలో ఎవరికీ రాలేదు. ఆరింటిలో రెండు, అంటే 1/3. అసలు 8/27 ఎలా సాధ్యమో మీ నిపుణులను అడగండి. సమాన అవకాశాలున్న ఫలితాలు ఆరే ఉన్నప్పుడు జవాబు ఆరో వంతుల్లోనే రావాలి. 8/27ని ఆరుతో గుణిస్తే 16/9 వస్తుంది. ఒకటిన్నరకు మించి, రెండుకు తక్కువగా ఉండే పంపకాల సంఖ్య ఎక్కడా ఉండదు. కీ తయారుచేసిన వారు ఈ ఒక్క పరీక్ష చేసుకున్నా తప్పు బయటపడేది.

తప్పు ఎక్కడ దొర్లిందో మీ వీడియో సొల్యూషన్‌లో స్పష్టంగానే కనిపిస్తోంది. ఒక్కొక్కరికి సొంత టోపీ రాకపోయే సంభావ్యత 2/3 అన్నారు. అది నిజమే. తర్వాత 2/3ని మూడుసార్లు గుణించేశారు. అలా గుణించాలంటే మూడూ స్వతంత్ర ఘటనలు కావాలి. ఇక్కడ కావు. రాము తన టోపీ తీసుకున్నాక పెట్టెలో రెండే ఉంటాయి కాబట్టి సీనుకు సొంతది దొరికే అవకాశం 1/3 నుంచి 1/2కి పెరుగుతుంది. ఇద్దరికీ సొంతవి వచ్చాయంటే గిరికి మిగిలేది గిరి టోపీయే. ప్రతి ఒక్కరూ టోపీ తీసి, చూసి, మళ్లీ పెట్టెలో వేసేస్తే మాత్రం మీ 8/27 సరైనదే. కానీ ఆ ప్రశ్న వేరు. ఇక్కడ టోపీ పెట్టుకుని ఇంటికి పోయారు!

ఇక ఫార్ములా షీట్ సంగతి. మూడు ఘటనల సమ్మేళనానికి అందులో ఇలా అచ్చయింది:

P(A∪B∪C) = P(A)+P(B)+P(C) − P(A∩B) − P(B∩C) − P(C∩A) − P(A∩B∩C)

చివరి పదం ముందు ప్లస్ ఉండాలి. ఎందుకో ఈ టోపీలతోనే చూడవచ్చు. రాముకు సొంతది రావడం A, సీనుకు రావడం B, గిరికి రావడం C అనుకుందాం. ఒక్కో ఘటనలో రెండేసి పంపకాలున్నాయి, కలిపితే ఆరు. కానీ కనీసం ఒకరికి సొంతది వచ్చిన పంపకాలు నాలుగే. ముగ్గురికీ కుదిరిన "ర స గ" మూడుసార్లు లెక్కలోకి రావడంతో రెండు ఎక్కువయ్యాయి. ఇద్దరిద్దరి ఛేదనాలు మూడింటిలోనూ ఉన్నది ఆ ఒక్క పంపకమే. వాటిని తీసేస్తే అది మూడుసార్లు పోయి లెక్కలోంచి పూర్తిగా మాయమవుతుంది. మిగిలేవి మూడు. దాన్ని ఒక్కసారి తిరిగి కలిపితేనే నాలుగు. మీ షీట్ చెప్పినట్టు మళ్లీ తీసేస్తే ఆ పంపకం మైనస్ ఒకసారి లెక్కకు వచ్చినట్టు, మొత్తం రెండే తేలుతుంది.

సంభావ్యతల్లో రాస్తే 1 − 1/2 + 1/6 = 2/3 కనీసం ఒకరికి సొంతది వచ్చే అవకాశం. ఎవరికీ రాకపోవడం 1/3.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. మీ షీట్ నమ్మిన ఒక విద్యార్థి 1 − 1/2 − 1/6 అని చేశాడు, 1/3 వచ్చింది. అది సమ్మేళనం విలువ కదా, 1 లోంచి తీసివేయాలన్న సంగతి మరిచిపోయి అదే జవాబుగా పెట్టాడు. రెండు తప్పులు కలిసి సరైన జవాబు తెచ్చాయి. మీ కీ దాన్ని కూడా తప్పనే అంది, అది వేరే విషయం. నాలుగు టోపీలు ఇచ్చి చూస్తే తప్ప వాడి పొరపాటు నాకు తెలియలేదు.

టికెట్ మళ్లీ తెరిపిస్తే మీ రెండో సమాధానం ఇది: "100 టోపీలకు మా పద్ధతిలో 0.366 వస్తుంది, డిరేంజ్‌మెంట్ సూత్రంతో 0.368 వస్తుంది, కాబట్టి పద్ధతి సరైనదే." ఈ వాదన పిల్లలను ఎక్కువ తికమక పెడుతుంది కాబట్టి దీనికి జవాబు చెప్పక తప్పదు. n టోపీలకు మీ విలువ (1 − 1/n)ⁿ. అసలు విలువ 1 − 1/1! + 1/2! − 1/3! + … అంటూ n! దాకా సాగే మొత్తం. n పెరిగేకొద్దీ రెండూ 1/e వైపే, అంటే సుమారు 0.3679 వైపే పోతాయి. ఎక్కువమంది ఉన్నప్పుడు ఒకరి టోపీ ప్రభావం మరొకరి మీద చాలా తక్కువ కాబట్టి తేడా కనిపించదు. తక్కువమంది ఉన్నప్పుడే అది బయటపడుతుంది. నలుగురికి అసలు విలువ 9/24, అంటే 0.375. మీ పద్ధతిలో 81/256, అంటే 0.316. ఏడుగురికి అసలు విలువ 0.368కి వచ్చేసింది, మీది ఇంకా 0.340 దగ్గరే ఉంది. మీరు అడిగింది మూడు టోపీల గురించి, 100 గురించి కాదు.

ఇది కొత్తగా పుట్టిన వివాదమేమీ కాదు. ఫ్రాన్స్‌కు చెందిన మోన్‌మోర్ 1708లోనే 13 పేకముక్కల ఆటగా ఈ లెక్కను లేవనెత్తాడు.

నేను కోరేవి ఇవి. కీలో 1/3 పెట్టి, ఆ జవాబు ఇచ్చిన వారందరికీ మార్కులు కలిపి ర్యాంకులు మళ్లీ వేయండి. ఫార్ములా షీట్‌లో గుర్తు మార్చి, పాత షీట్ డౌన్‌లోడ్ చేసుకున్న వారికి ఆ విషయం మెసేజ్ పంపండి. గుట్టుగా ఫైల్ మార్చేసి ఊరుకుంటే, ప్రింట్ తీసుకుని గోడకు అంటించుకున్న పిల్లలకు ఉపయోగం లేదు. వీడియోను తీసివేయనక్కర్లేదు, తిరిగి పెట్టెలో వేసే పద్ధతికి ప్రశ్న మార్చి వాడుకోండి. టికెట్ ఈసారి మూసేముందు, ఆరు పంపకాల్లో ఏ లెక్కన 8/27 వచ్చిందో మీ నిపుణుల చేత రాయించి పంపండి.

వచ్చే టెస్ట్ లోపు సమాధానం రాకపోతే మా కాలేజీ విద్యార్థుల తరఫున సబ్‌స్క్రిప్షన్ డబ్బు వాపసు కోరుతూ వినియోగదారుల కమిషన్‌కు రాస్తాము.

ఇట్లు,
ఒక గణిత అధ్యాపకుడు

జతపరచినవి: కీ, ఫార్ములా షీట్, మీ రెండు సమాధానాల స్క్రీన్‌షాట్లు