మేక కడుపులో దాగిన లాభం

సంపాదకుడు గారికి,

కిలో మేక 400కు కొని కిలో మాంసం 900కు అమ్మే వ్యాపారికి సగానికి పైగా మిగులుతుందంటూ పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. ఆనాటి నుంచి దుకాణానికి వచ్చిన ప్రతివారూ నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నందున ఈ లెక్క రాయక తప్పడం లేదు. మేము కొనేది ప్రాణంతో ఉన్న తూకానికి, అమ్మేది తోలు, పేగులు తీసేసిన తూకానికి అన్న సంగతి విలేకరి గారికి తట్టకపోవడం విడ్డూరం.

మొన్నటి సంతలో నేను కొన్న మేకపోతు 20 కిలోలు తూగింది. 8,000 రూపాయలు ఇచ్చాను. రాత్రి మేత ఆపి తెల్లవారుజామున తూస్తే 18 కిలోల 500 గ్రాములే ఉంది. కోశాక కొక్కేనికి వేలాడింది 9 కిలోలు. తడి ఆరి, తరుగు పోయి కొన్నవారికి అందింది 8 కిలోల 800 గ్రాములు. దానికి 7,920, తలకాయ కాళ్లకు 500, కార్జానికి 300, బోటికి 200, వెరసి 8,920 వచ్చింది. తోలుకు ఒకప్పుడు ఆటో బాడుగైనా వచ్చేది; ఇప్పుడు దాన్ని పట్టుకుపోయేవాడే మాకు ఉపకారం చేస్తున్నాడు. ఆటోకు, కోత కూలికి, దుకాణానికి 450 పోగా మిగిలింది 470. మధ్యాహ్నానికి అరకిలో అమ్ముడుపోకపోతే అదీ లేదు.

రాత్రికి రాత్రి పోయిన ఆ కిలోన్నరకు నేను 600 చెల్లించాను. అంటే నా లాభం కంటే ఎక్కువ సొమ్ము పెంటికలుగా, మూత్రంగా పోయింది. మన డెల్టాలో వరి మళ్లు, చేపల చెరువులు తప్ప బీడు మిగలనందున మేకలు మెట్ట నుంచే రావాలి, దారిలో కొంత తగ్గడం సహజమే. కానీ ఉప్పు కలిపిన తవుడు పెట్టి, దాహం వేశాక కడుపునిండా కుడితి తాగించి కాటా ఎక్కించడం సహజం కాదు. ఎడమ డొక్క బిగిసి ఉండి, నడుము మీద చెయ్యి వేస్తే వెన్నెముక గుచ్చుకుంటే, కాటా మీద తూగింది కండ కాదు, కుడితి. మా నాన్నగారి కాలంలో నడుము తడిమి “తొమ్మిది పడుతుంది” అని మాంసానికే బేరమాడేవారు. కాటా వచ్చాక న్యాయం జరుగుతుందనుకున్నాం!

అధికారులు మాత్రం పండగకు ముందు మా దుకాణాల్లో తూకపు రాళ్లు తనిఖీ చేసి, ఫొటోలు దిగి వెళతారు. సంతలో దళారి కాటాకు ముద్ర ఉందో లేదో చూసిన నాథుడు లేడు. ప్రతి మేకకూ ఆశీలు వసూలు చేసేవారు ఒక ముద్ర వేసిన కాటాను, తూకానికి ముందు మేకలను ఒక పూట ఖాళీ కడుపుతో ఉంచే దొడ్డిని ఏర్పాటు చేస్తే ఈ తగవే ఉండదు. ఆశీలు చీటీలో తూకం రాయడానికి ఒక గడి ఉంది. నా దగ్గరున్న చీటీలన్నింటిలోనూ అది ఖాళీగానే ఉంది.

ఇట్లు,
ఒక మాంసం దుకాణదారుడు,
భీమవరం