మైనస్ మార్కులకు భయపడి వదిలేసే బిట్లు ఎంత ఖరీదో లెక్కేద్దాం

సంపాదకుడు గారికి నమస్కారం.

పోటీ పరీక్షల సీజన్ వచ్చిందంటే చాలు, విద్యా పేజీల్లోనూ కోచింగ్ సెంటర్ల క్లాసుల్లోనూ ఒకటే సలహా వినపడుతుంది. నెగెటివ్ మార్కులున్నాయి కాబట్టి తెలియని ప్రశ్న ముట్టుకోవద్దు, డౌట్ ఉంటే వదిలేయండి అని. నేను ఈ సలహా నమ్మి రెండు ప్రిలిమ్స్ పోగొట్టుకున్నవాణ్ణి, ఇప్పుడు మా తమ్ముడు అదే పరీక్షలకు చదువుతున్నాడు, వాడికీ అదే చెప్తున్నారు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇందులో ఉన్నది ఐదో తరగతి లెక్కే, కానీ దాన్ని పిల్లల ముందు కూర్చుని వేసి చూపించేవాళ్లు తక్కువ.

యూపీఎస్సీ ప్రిలిమ్స్ జనరల్ స్టడీస్ పేపర్నే తీసుకుందాం. 100 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పు పెడితే అందులో మూడో వంతు కోత, అంటే సుమారు 0.67. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియకుండా కళ్లు మూసుకుని నాలుగు బిట్లకు పెట్టామనుకోండి, సగటున ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. వచ్చేది 2, పోయేది మూడు సార్లు 0.67, అదీ 2. చేతికి సున్నా. అంటే గుడ్డిగా పెట్టినవాడికి లాభమూ లేదు, నష్టమూ లేదు. మూడో వంతు అనే కోత సరిగ్గా నాలుగు ఆప్షన్లకు సరిపోయేలా ఉంది. ఊరికే పెట్టినవాడికి అప్పనంగా మార్కులు రాకుండా చూడటమే దాని పని, పెట్టినందుకు శిక్ష వేయడం కాదు. ఈ ఒక్క మాట అర్థమైతే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

ఎందుకంటే ఒక్క ఆప్షన్ తప్పని ఖాయంగా తెలిసినా లెక్క మనవైపు తిరుగుతుంది. మూడు మిగిలితే ఒక్కో బిట్‌కు సగటున 0.22 మార్కు వస్తుంది, ఇది పెద్దగా లెక్కలోది కాదు. కానీ రెండు తీసేసి రెండింటి మధ్య ఊగిసలాడుతున్నప్పుడు సగటు లాభం 0.67. మనం పరీక్ష హాల్లో ఎక్కువగా వదిలేసేది సరిగ్గా ఇలాంటివే. ఒకే చదువు చదివిన ఇద్దరు కూర్చున్నారనుకోండి. ఇద్దరికీ 20 ప్రశ్నల్లో రెండేసి ఆప్షన్ల దగ్గర డౌట్ వచ్చింది. ఒకరు భయపడి 20 వదిలేశారు, ఇంకొకరు పెట్టారు, సగం తగిలాయి. పది ఒప్పులకు 20 మార్కులు, పది తప్పులకు 6.67 కోత, మిగిలింది 13.33. 2023లో జనరల్ కేటగిరీ ప్రిలిమ్స్ కటాఫ్ 75.41, 2024లో 87.98. ఒకటీ రెండు మార్కుల తేడాతో వేలమంది బయట ఉండిపోయే చోట 13 మార్కులు వదిలేసి రమ్మని పిల్లలకు ఎలా చెప్తున్నాం?

అలాగని అన్నీ పెట్టేయండి అనడం లేదు, అది ఇంకా పెద్ద తప్పు. పైన వేసిన లెక్కంతా ఒక షరతు మీద నిలబడింది, మనం కొట్టేసిన ఆప్షన్ నిజంగానే తప్పు కావాలి. నా సొంత అనుభవం చెప్తాను. రెండోసారి ప్రిలిమ్స్ పోయాక వరసగా నాలుగు మాక్ టెస్టుల్లో ప్రతి బిట్ పక్కన ఒక గుర్తు పెట్టుకుంటూ రాశాను. ఖాయంగా తెలిసినవాటికి టిక్కు, రెండింటి మధ్య పెట్టినవాటికి 2, మూడింటి మధ్య పెట్టినవాటికి 3. తర్వాత కీ చూసి ఒక్కో రకాన్ని విడివిడిగా లెక్కేశాను. 2 అని రాసినవి 68 ఉంటే 29 ఒప్పు, అంటే 58 మార్కుల్లోంచి 26 పోయి 32 మిగిలాయి. సగం కూడా తగల్లేదు, అయినా మంచి లాభమే. కానీ 3 అని రాసినవి 45లో పదే ఒప్పు. 20 మార్కులు వచ్చి 23.33 పోయాయి. లెక్క ప్రకారం లాభం రావాల్సిన చోట నాకు నష్టం వచ్చింది. ఎందుకా అని ఒక్కోటీ తిరగేస్తే, 45లో 14 చోట్ల నేను మొదట కొట్టేసిన ఆప్షనే సరైన జవాబు! తెలిసి కొట్టేయలేదు, ఎక్కడా వినలేదు కాబట్టి అది కాదులే అనుకుని కొట్టేశాను. వాక్యంలో 'మాత్రమే', 'ఎల్లప్పుడూ' లాంటి మాట కనపడగానే తప్పు అనేసుకోవడం కూడా అందులో ఉంది.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సిన అంకె 25 శాతం. ఏ రకం ఊహైనా సరే, వందలో 25 కంటే ఎక్కువ తగులుతుంటే పెట్టాలి, తక్కువ తగులుతుంటే ఆపాలి. వందలో ఎన్ని తగులుతాయన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, పాలిటీలో ఒకలా, పర్యావరణంలో ఇంకోలా ఉంటుంది. అది తెలియాలంటే ఇలా గుర్తులు పెట్టుకుని వందా రెండొందల బిట్లు చూసుకోవాలి, పది పదిహేను బిట్లతో తేలదు. మొత్తం స్కోరు ఒక్కటే ఇచ్చే మాక్ టెస్ట్ వల్ల ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

ప్రశ్న అడిగే తీరు మారితే ఈ లెక్క ఎంత తారుమారవుతుందో కూడా చెప్పాలి. ఆర్థిక సంఘం మీద మూడు వాక్యాలిచ్చారనుకోండి. ఒకటి, దీన్ని 280వ అధికరణ కింద రాష్ట్రపతి ఏర్పాటు చేస్తారు. రెండు, ఛైర్మన్ కాక నలుగురు సభ్యులుంటారు. మూడు, దీని సిఫార్సులకు కేంద్రం తప్పనిసరిగా కట్టుబడి ఉండాలి. మొదటి రెండూ ఒప్పు, మూడోది తప్పు, ఎందుకంటే అవి సలహాలే. పాత పద్ధతిలో ఆప్షన్లు 1, 2 మాత్రమే. 2, 3 మాత్రమే. 1, 3 మాత్రమే. మూడూ అని ఉండేవి. మూడోది తప్పని ఒక్కటి తెలిస్తే చాలు, మూడు ఆప్షన్లు ఒక్క దెబ్బకు ఎగిరిపోయి పూర్తి 2 మార్కులు చేతికొచ్చేవి. మిగతా రెండు వాక్యాలు చదవకపోయినా సరే.

2023 ప్రిలిమ్స్‌లో ఇలాంటి వాక్యాలే ఇచ్చి, పైవాటిలో ఎన్ని సరైనవి అని అడిగే ప్రశ్నలు పెద్ద సంఖ్యలో వచ్చాయి. ఒకటి మాత్రమే, రెండు మాత్రమే, మూడూ, ఏదీ కాదు. ఇప్పుడు మూడోది తప్పని తెలిసినా 'మూడూ' అన్న ఆప్షన్ ఒక్కటే పోతుంది. మిగిలిన రెండు వాక్యాలూ అటో ఇటో తెలియవు కాబట్టి, లెక్క ప్రకారం చూస్తే రెండింట్లో ఒకటి ఒప్పయ్యే అవకాశమే ఎక్కువ, 'ఒకటి మాత్రమే' పెట్టాలనిపిస్తుంది. ఇక్కడ అలా పెట్టినవాడు తప్పాడు, జవాబు రెండు. పేపర్ తయారు చేసేవాళ్లు బొమ్మా బొరుసూ వేసి వాక్యాలు రాయరు కదా. అదే మొదటిదీ మూడోదీ తెలిసినవాడైతే రెండు ఆప్షన్ల మధ్యకొస్తాడు, వాడు పెట్టి తీరాలి. అంటే పాత పద్ధతిలో ఒక్క వాక్యం చేసే పని చేయాలంటే ఇప్పుడు మూడు వాక్యాలూ తెలియాలి. ఈ రకం ప్రశ్నకు మాక్ టెస్టుల్లో వేరే గుర్తు పెట్టుకుని వేరేగా లెక్కేసుకోమని తమ్ముడికి చెప్పాను.

ఇంకో సంగతి. గుడ్డిగా పెడితే సగటు సున్నా అన్నాను కానీ, సగటు సున్నా అంటే ఏమీ జరగదని కాదు. 12 బిట్లు గుడ్డిగా పెడితే మూడు తగిలితే సున్నా, ఐదు తగిలితే 5.33 లాభం, ఒకటే తగిలితే అంతే నష్టం. కటాఫ్ దాటేశానని నమ్మకంగా ఉన్నవాడికి ఆ టెన్షన్ అక్కర్లేదు, పెన్ను కింద పెట్టేయొచ్చు. బాగా వెనకబడ్డానని తెలిసినవాడికి మాత్రం అందులో పోయేదేమీ లేదు. అర్హత మార్కులే చాలిన సీశాట్ పేపర్లో అయితే 33 శాతం దాటిందని ఖాయం కాగానే ఆపేయడమే మంచిది.

మన రెండు రాష్ట్రాల అభ్యర్థులకు ఇంకో చిక్కు ఉంది. ఏపీపీఎస్సీ గ్రూప్-2 స్క్రీనింగ్‌లో తప్పుకు మూడో వంతు కోత ఉంది. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్, గ్రూప్-2లలో కోత లేకుండా నడిపారు. కోత లేని చోట ఒక్క గడి కూడా ఖాళీగా ఉంచకూడదు, 30 బిట్లు గుడ్డిగా పెట్టినా సగటున ఏడెనిమిది మార్కులొస్తాయి. రెండూ రాసేవాళ్లకు ఒకచోటి అలవాటు ఇంకోచోట అడ్డం పడుతుంది. మావాడు కోత లేని పరీక్షలో కూడా తొమ్మిది గడులు ఖాళీగా వదిలేసి వచ్చాడు. ఎందుకురా అంటే, చెయ్యి రాలేదన్నయ్యా, వదిలేయడమే అలవాటైపోయింది అన్నాడు. నాకు చాలా బాధేసింది.

మీ పత్రిక ద్వారా నేను అడిగేవి రెండే. మాక్ టెస్టులు అమ్మేవాళ్లు స్కోరు ఒక్కటే ఇవ్వకుండా, అభ్యర్థి తనకెంత నమ్మకముందో గుర్తు పెట్టే గడి ఒకటి పెట్టి, ఏ రకంలో ఎన్ని తగిలాయో విడదీసి చూపించాలి. కమిషన్లు మార్కులు ఇచ్చేటప్పుడు ఎన్ని ఒప్పు, ఎన్ని తప్పు, ఎన్ని వదిలేశామన్న మూడు అంకెలూ ప్రతి అభ్యర్థికీ ఇవ్వాలి, ఏ ప్రశ్నను ఎంతమంది వదిలేశారో కూడా బయటపెట్టాలి. ఓఎంఆర్ షీట్లు దిద్దే మెషిన్ దగ్గర ఈ లెక్క ఎలాగూ ఉంటుంది, కొత్తగా ఖర్చు పెట్టాల్సింది లేదు. మీ విద్యా పేజీలో ఈసారి 'తెలియనిది ముట్టుకోవద్దు' అని వేసే ముందు ఆ పేజీ చూసే మిత్రులు ఒక్కసారి ఆ 20 బిట్ల లెక్క వేసి చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
రెండుసార్లు ప్రిలిమ్స్ పోయిన ఒక పాత అభ్యర్థి