రెడీమేడ్ రీడింగ్ గ్లాసులు ఇక మా షాపులో ఉండవు

"చత్వారం అద్దాలే కదండీ, పెట్టుకుని చూసి తీసుకెళ్తాం. దానికి కూడా పరీక్ష ఎందుకు?" అని షాపుకు వచ్చేవాళ్లు అడుగుతుంటారు.

సప్లయర్ పంపిన చివరి సరుకు చూశాక రెడీమేడ్ జోళ్లు పెట్టే స్టాండు తీసేశాను. ప్లస్ 1.50 అని చీటీ ఉన్న జోడును పవర్ కొలిచే లెన్సోమీటర్ మీద పెడితే కుడి అద్దం 1.50, ఎడమది 1.75 చూపించాయి. రెండు అద్దాల సెంటర్లు కూడా ఒకే ఎత్తులో లేవు. అలాంటిది పెట్టుకుంటే రెండు కళ్లలో పడే బొమ్మలు కలవక కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. ఫోన్ చేసి అడిగితే "చదువుకునే అద్దాలే కదా, అంత ఎవరు చూస్తారు?" అన్నాడు. నేను చూస్తాను. ఆ మాట నాకు ఇంకా మింగుడు పడలేదు. అతని దగ్గర మళ్లీ సరుకు తీసుకోను.

వేరేచోట తెప్పించి అమ్మాలా, అసలు మానేయాలా అన్నది తేల్చుకోవడానికి చాలా మథనపడ్డాను. రెండు కళ్లకూ ఒకే పవర్ కావాల్సి, కంటి వంపులో తేడాను సరిచేసే సిలిండర్ పవర్ అక్కర్లేనివాళ్లకు మంచి రెడీమేడ్ జోడు సరిపోతుంది. కానీ స్టాండు దగ్గర నిలబడితే చాలామంది అక్షరాలు పెద్దగా కనిపించిన జోడునే ఎంచుకుంటారు. చిక్కంతా అక్కడే.

దగ్గరి వస్తువు చూడాలంటే కంటిలోని లెన్స్ ఉబ్బాలి. వయసుతో అది గట్టిపడి, ఉబ్బే శక్తి తగ్గుతుంది. 40 సెంటీమీటర్ల దూరంలో చదవడానికి ఆ లెన్స్ 2.5 డయాప్టర్ల పవర్ అదనంగా ఇవ్వాలి. 48 ఏళ్ల మనిషికి సుమారు 3 మిగిలి ఉంటాయనుకుందాం. చదవగలరు, కానీ ఉన్న శక్తంతా గుంజి ఎంతసేపు చదువుతారు? అందులో సగం, అంటే 1.5 వాడితేనే హాయిగా ఉంటుంది. తక్కువపడిన 1.00 అద్దం ఇవ్వాలి. దూరపు చూపు బాగున్న మనిషికి ఇదీ లెక్క.

అదే మనిషి ప్లస్ 2.00 తీసుకెళ్తే పుస్తకం బాగానే కనిపిస్తుంది. కానీ ఆ అద్దంతో స్పష్టమైన చూపు 50 సెంటీమీటర్లకే ఆగిపోతుంది. 65 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కంప్యూటర్ మసకబారుతుంది. "చూపు ఇంకా తగ్గిపోయిందండీ" అని టెన్షన్ పడుతూ వస్తారు. ప్లస్ 1.00తో అయితే మీటరు దాకా కనిపిస్తుంది, రెండు పనులూ జరుగుతాయి.

అందుకే ఇకపై పరీక్ష చేసి, కొలత తీసుకున్నాకే అద్దాలు ఇస్తాను. మీరు చదివే దూరం, స్క్రీన్ పెట్టుకునే దూరం ఇంట్లోనే టేపుతో కొలిచి రాసుకుని రండి. ఇదివరకు కొన్న రెడీమేడ్ జోడు ఉంటే అదీ తీసుకురండి, మెషీన్ మీద పెట్టి మీ ఎదురుగానే చూపిస్తాను. చూపు ఉన్నట్టుండి తగ్గినా, ఒక కంటికే తగ్గినా మాత్రం నా దగ్గరికి కాదు, ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.