బోర్డు మీది ఏడాది ఎందుకు మార్చాం?

“బిల్లు మీద పేరు పొడుగైంది, బోర్డు మీద ‘2010 నుంచి’ అన్న మాట పోయింది. వ్యాపారం చేతులు మారిందా?”

మారలేదు. అట్టపెట్టెలు కత్తిరించే కొత్త యంత్రం కోసం అప్పుకు దరఖాస్తు చేశాం. అందులో సంస్థ పరిచయం రాయాలి. బోర్డు మీదున్నదే కాస్త సాగదీసి ‘2010 నుంచి నమ్మకానికి మారుపేరైన కుటుంబ సంస్థ’ అని రాసేశాను. రుణ అధికారి వెనక్కి పంపారు. రిజిస్ట్రేషన్ పత్రంలో 2018 ఉంటే 2010 ఎక్కడిదని ఆయన ప్రశ్న.

ఆ ఎనిమిదేళ్లు నావి, కంపెనీవి కావు. మొదట నా ఒక్కడి పేరుతోనే నడిపాను. అలాంటి సొంత వ్యాపారానికి యజమానిని మించి వేరే ఉనికి ఉండదు, దాని అప్పులన్నీ యజమానివే. 2018లో చెల్లెలితో కలిసి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి, పాత యంత్రాలను దానికి అమ్మాను. చట్టం లెక్కలో కంపెనీ అప్పుడే పుట్టింది. రేపు అప్పు తీసుకునేదీ అదే, నేను కాదు.

‘కుటుంబ సంస్థ’ అన్నదీ నిలబడలేదు. పది శాతం వాటా ఒక స్నేహితుడిది. పెట్టుబడి పెట్టాడు, పనిలో ఉండడు. వాటాదారుల పట్టిక తెరిస్తే తెలిసిపోయే సంగతిని దాచినట్టు కనిపించడం, దాచడం కంటే ఏమంత మేలు కాదు.

రాయడానికి చెయ్యి ఆడనిది 2014 సంగతి. ఒక పెద్ద ఖాతాదారు బాకీ తీర్చకపోవడంతో ఎనిమిది నెలలు మూసేశాం. వదిలేద్దామనుకున్నాను. కానీ పాత పన్ను పత్రాల్లో ఆ ఏడాది అమ్మకాలు ఒక్కసారిగా పడిపోయి ఉన్నాయి. కారణం మనం చెప్పకపోతే చదివేవారు తామే ఒకటి ఊహించుకుంటారు. (సగం బయానా ఎందుకని విసుక్కునేవారికి జవాబు కూడా ఇదే.)

చివరికి పంపింది ఇది:

“చిన్న తయారీదారులకు 500 లోపు సంఖ్యలో అచ్చువేసిన అట్టపెట్టెలు తయారు చేసి ఇస్తాం. 2018లో నమోదైన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. వాటాలు: వ్యవస్థాపకుడు 60, ఆయన సోదరి 30, పనిలో పాల్గొనని పెట్టుబడిదారు 10 శాతం. వ్యవస్థాపకుడు 2010 నుంచి ఇదే పనిని సొంత వ్యాపారంగా నడిపారు. ఒక బాకీ వసూలు కాక 2014లో ఎనిమిది నెలలు ఆగింది. అప్పటి నుంచి ప్రతి ఆర్డరుకూ సగం ముందుగా తీసుకుంటున్నాం.”

మొదటి వాక్యమే మా ధ్యేయం. ముందు అక్కడ ‘ప్రపంచస్థాయి నాణ్యత’ ఉండేది. దాన్ని సరిచూడటానికి ఏ కాగితమూ లేదు. 500 లోపు అన్నదాన్ని మా బిల్లులు తిరగేసి ఎవరైనా చూసుకోవచ్చు.

అప్పు సంగతి ఇంకా తేలలేదు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న పూర్తి పేరే ఇకపై బిల్లు మీద ఉంటుంది. చెక్కులు ఆ పేరుతోనే రాయండి. ఖాతా నంబరు పాతదే.